వయసు లెక్కలో అప్పు తెచ్చిన నెల

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, పింఛనుకు పేరు రాయించినా, బీమా కాగితం నింపినా పుట్టిన తేదీ కింద ఇంకో వరుస ఉంటుంది. ఫలానా తేదీ నాటికి వయసు ఎన్ని సంవత్సరాలు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు అని అడుగుతూ మూడు చిన్న గళ్లు. మొదటి గడి అందరూ చప్పున నింపుతారు. రెండోది వేళ్ల మీద లెక్కపెట్టి రాస్తారు. మూడో గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగుతుంది. చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీలో పని కోసం కాగితాలు సిద్ధం చేసుకునే కుర్రాడైనా, ఎర్రగుంట్లలో నెట్ సెంటర్ ముందు వరుసలో నిలబడ్డ డిగ్రీ అమ్మాయైనా, పక్కనున్నవాళ్లను అడిగేది ఆ మూడో గడి గురించే. ఒకరు 24 అంటారు, ఇంకొకరు 25 అంటారు. ఇద్దరూ లెక్క సరిగానే చేసి ఉంటారు. ఒకే పుట్టిన తేదీకి రెండు సరైన జవాబులు ఎలా వస్తాయన్నది కాస్త నిదానంగా చూడదగ్గ సంగతి. ఆ ఒక్క రోజు తేడా మీద కొందరి ఉద్యోగాలు నిలిచాయి, కొందరివి పోయాయి.

మన ప్రాంతానికి బాగా తెలిసిన మనిషి తేదీలతోనే లెక్క చేద్దాం. ప్రొద్దుటూరులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన, శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు 1914 మార్చి 28న పుట్టారు. 1990 సెప్టెంబరు 1న కన్నుమూశారు. ఆయన ఎంతకాలం బతికారు?

బడిలో నేర్పిన తీసివేత పద్ధతిలో ముగింపు తేదీ పైన, పుట్టిన తేదీ కింద రాస్తాం. రోజుల దగ్గర ఒకటిలోంచి 28 పోదు. కాబట్టి నెలల గడి నుంచి ఒక నెల అప్పు తెచ్చుకుంటాం. తొమ్మిదో నెల ఎనిమిదో నెల అవుతుంది. ఎనిమిదిలోంచి మూడు తీస్తే ఐదు నెలలు. 1990లోంచి 1914 తీస్తే 76 సంవత్సరాలు. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు. ఇక అప్పు తెచ్చిన నెలను రోజులుగా మార్చి ఆ ఒకటికి కలపాలి. ఆ నెలకు ఎన్ని రోజులు? పాత లెక్కల పుస్తకాల అలవాటు ప్రకారం నెలంటే 30 అనుకుంటే 31లోంచి 28 పోయి మూడు రోజులు మిగులుతాయి. అప్పు తెచ్చింది సెప్టెంబరుకు ముందున్న ఆగస్టు కదా, దానికి 31 రోజులు కదా అనుకుంటే నాలుగు రోజులు వస్తాయి.

ఏది సరైనదో తేల్చడానికి తీసివేతను పక్కన పెట్టి పుట్టిన తేదీ నుంచి ముందుకు నడవడమే మంచి దారి. 1914 మార్చి 28 నుంచి ఏడాది తర్వాత ఏడాది వస్తే 1990 మార్చి 28 నాటికి 76 నిండాయి. అక్కడి నుంచి నెల తర్వాత నెల వస్తే ఆగస్టు 28 నాటికి ఐదు నెలలు నిండాయి. ఇక మిగిలింది ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 1 వరకు. 29, 30, 31, ఒకటి. నాలుగు రోజులు. కాబట్టి 76 సంవత్సరాల 5 నెలల 4 రోజులు. నెలకు 30 రోజులని పట్టుకున్నవాడు ఆగస్టు 31వ తేదీని క్యాలెండర్లోంచి తీసేసినట్టే. అప్పు తెచ్చే నెల ఎప్పుడూ ముగింపు తేదీకి ముందున్న నెలే అయి ఉండాలి, దాని అసలు రోజులే లెక్కలోకి రావాలి. నెలకు 30 రోజులన్న పద్ధతి వడ్డీ లెక్కలకు పనికొస్తుంది గానీ వయసుకు పనికిరాదు.

ఇదే జీవితాన్ని మన ఇళ్లలో ఇంకో రకంగానూ చెబుతారు. ఆయన ఆనంద నామ సంవత్సరం తొలి రోజుల్లో పుట్టారు, ప్రమోదూత నామ సంవత్సరంలో, 77వ ఏట పోయారు అంటారు. నిండినవి 76, నడుస్తున్నది 77. ఊళ్లో పెద్దలు వయసు చెప్పేటప్పుడు చాలాసార్లు నడుస్తున్న ఏడే చెబుతారు. దరఖాస్తు మాత్రం నిండినవే అడుగుతుంది. తాత 60 అన్నాడని పింఛను కాగితంలో 60 రాసి, ఆధార్‌లో తేదీ చూస్తే 59 ఏళ్లు దాటి నాలుగు నెలలే అయివుండి వెనక్కి వచ్చే సందర్భాలకు మూలం ఇక్కడే ఉంది. అందులో తాత అబద్ధమేమీ ఆడలేదు. ఆయన లెక్కపెట్టింది నడుస్తున్న ఏడును, కాగితం అడిగింది నిండిన ఏడును.

ముందుకు నడిచే పద్ధతి దాదాపు అన్ని తేదీలకూ సాఫీగా సాగుతుంది. చిక్కు నెలాఖర్ల దగ్గర వస్తుంది. 2000 జనవరి 31న పుట్టిన మనిషికి 2025 మార్చి 1 నాటికి వయసెంత? జనవరి 31కి పాతికేళ్లు నిండాయి. అక్కడి నుంచి ఒక నెల ముందుకు వెళితే ఫిబ్రవరి 31 రావాలి. అలాంటి తేదీ లేదు. ఫిబ్రవరి చివరి రోజైన 28 దగ్గర ఆగి ఒక నెల నిండిందనుకుంటే, మార్చి 1కి 25 సంవత్సరాల 1 నెల 1 రోజు. ఎక్కువమంది ఒప్పుకునే పద్ధతి ఇది. ఇప్పుడు అదే సంవత్సరం జనవరి 30న, 29న, 28న పుట్టిన మరో ముగ్గురిని తీసుకుని ఇదే పద్ధతిలో లెక్క చేయండి. ముగ్గురికీ నెల నిండేది ఫిబ్రవరి 28నే. ముగ్గురికీ వచ్చేది 25 సంవత్సరాల 1 నెల 1 రోజే.

నాలుగు వేర్వేరు రోజుల్లో పుట్టిన నలుగురికీ ఒకే 'ఖచ్చితమైన' వయసు. లెక్కలో తప్పు లేదు. 28 నుంచి 31 రోజుల దాకా మారే నెల అనే కొలతను వాడినందుకు వచ్చిన ఫలితమిది. కొలబద్దే చోటుకో పొడవుగా ఉంటే మిగిలిన ముక్క ఎంతో నిక్కచ్చిగా చెప్పలేం. సంవత్సరాల గడి నిక్కచ్చిగా ఉంటుంది, ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు తప్ప. నెలల గడి దాదాపు నిక్కచ్చే. రోజుల గడి మాత్రం మనం ఒప్పుకున్న పద్ధతిని బట్టే ఉంటుంది. అందుకే ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చాలంటే ఈ మూడు గళ్లనూ పోల్చకూడదు. ప్రవేశ పరీక్షలో మార్కులన్నీ సమానమైనప్పుడు వయసులో పెద్దవారికి ముందు ర్యాంకు ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ చూడాల్సింది పుట్టిన తేదీలనే. జనవరి 28న పుట్టినవాడు 31న పుట్టినవాడికన్నా మూడు రోజులు పెద్ద. దాంట్లో ఏ పద్ధతికీ చోటు లేదు.

కంప్యూటరుకు అప్పగిస్తే గొడవ పోతుందని అనుకుంటాం. ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో ఎక్కువగా వాడే ఎక్సెల్‌లో దీనికి ఒక ఫార్ములా ఉంది. A1లో పుట్టిన తేదీ, B1లో ముగింపు తేదీ ఉంచితే మూడు గళ్లకు ఇలా రాస్తారు:

```
=DATEDIF(A1,B1,"y")
=DATEDIF(A1,B1,"ym")
=DATEDIF(A1,B1,"md")
```

మొదటి రెండూ నమ్మదగినవి. మూడోదాన్ని నమ్మవద్దని ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వాళ్లే తమ సహాయ పుటలో హెచ్చరించారు. అది కొన్ని తేదీలకు సున్నా, కొన్నిటికి తప్పు అంకె, కొన్నిటికి సున్నాకన్నా తక్కువ అంకె కూడా చూపవచ్చు. ఇందాకటి జనవరి 31, మార్చి 1 జతలాంటి వాటి దగ్గరే అది తడబడుతుంది. ఒకటికి ఫిబ్రవరి 28 రోజులు కలిపినా 29 మాత్రమే, అందులోంచి 31 పోదు. అప్పు తెచ్చిన నెల చాలలేదన్నమాట. రోజుల గడికి ఈ కింది ఫార్ములా వాడితే చిక్కు ఉండదు:

```
=B1-EDATE(A1,DATEDIF(A1,B1,"m"))
```

నిండిన నెలలన్నీ ముందుకు నడిచి, అక్కడి నుంచి మిగిలిన రోజులను లెక్కపెట్టమని దాని అర్థం. మనం పుట్టపర్తివారి విషయంలో చేతితో చేసింది సరిగ్గా ఇదే. ఫార్ములా గడి తేదీ రూపంలో కనిపిస్తే దాన్ని మామూలు అంకె రూపానికి మార్చుకోవాలి. ఎక్సెల్‌కు ఇంకో పరిమితి కూడా ఉంది. 1900కు ముందున్న తేదీలు దానికి తేదీలు కావు. కడపలో ఉండి తెలుగు కోసం అంత పని చేసిన సి.పి. బ్రౌన్ 1798 నవంబరు 10న పుట్టి 1884 డిసెంబరు 12న పోయారు. ఆయన వయసు ఎక్సెల్ చెప్పలేదు, చేతితో మాత్రం క్షణంలో వస్తుంది. 86 సంవత్సరాల 1 నెల 2 రోజులు. అప్పు తెచ్చుకునే అవసరమే లేని లెక్క అది.

చేసిన లెక్కను సరిచూసుకోవాలంటే మొత్తం రోజులు లెక్కించి చూడొచ్చు. పుట్టపర్తివారివి 27,916 రోజులు. 76 ఏళ్లకు 365 చొప్పున 27,740. మధ్యలో 1916 నుంచి 1988 దాకా వచ్చిన లీపు సంవత్సరాలు 19. చివరి ఐదు నెలల నాలుగు రోజులకు 157. రోజుల మొత్తానికి నెలల పొడవుతో పని లేదు గనుక ఎవరు ఏ పద్ధతిలో చేసినా ఇదే రావాలి. ఇందులో మిగిలే సందేహం ఒక్కటే. పుట్టిన రోజునూ, చివరి రోజునూ రెండింటినీ కలుపుకోవాలా, ఒకదాన్నే కలుపుకోవాలా? మామూలు తీసివేతలో ఒకటే లెక్కలోకి వస్తుంది. రెండూ కలుపుకుంటే ఒకటి పెరిగి 27,917 అవుతుంది.

చిన్నదిగా కనిపించే ఈ సందేహమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజస్థాన్ ప్రభుత్వ సర్వీసు పరీక్షకు ప్రభుదయాళ్ సేస్మా అనే అభ్యర్థి దరఖాస్తు చేశాడు. 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్లు నిండి ఉండకూడదన్నది నియమం. అతని పుట్టిన తేదీ 1956 జనవరి 2. మామూలుగా చూస్తే అతనికి 28 నిండేది జనవరి 2న. ఒకటో తేదీకి ఇంకా ఒక రోజు తక్కువే. 1986లో సుప్రీంకోర్టు అలా కాదంది. పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కలోకి తీసుకోవాలి, అప్పుడు 28వ ఏడు పుట్టినరోజుకు ముందు రోజుతోనే పూర్తవుతుంది, కాబట్టి జనవరి 1న అతనికి 28 నిండినట్టే అని తీర్పు చెప్పింది. ఆ ఒక్క రోజుతో అతను అనర్హుడయ్యాడు.

ఈ తీర్పులోని తర్కం కఠినంగా అనిపించినా లెక్కలో లోపం లేదు. జనవరి 2న తెల్లవారితే 29వ ఏడు మొదలవుతుంది. అంటే 28వ ఏడు అంతకు ముందు రోజుతోనే ముగిసి ఉండాలి కదా. మేజరు వయసు కోసం చేసిన 1875 నాటి చట్టం మాత్రం వేరుగా రాసుకుంది. పుట్టిన రోజును పూర్తి రోజుగా పట్టుకోమంటూనే, 18వ పుట్టినరోజు మొదలయ్యే క్షణాన మేజరు అవుతారని చెబుతుంది. ఒకచోట ముందు రోజు ముగింపు, ఇంకోచోట ఆ రోజు ఆరంభం. గడియారం మీద రెండూ ఒకే అర్ధరాత్రి. కాగితం మీద మాత్రం తేదీ మారిపోతుంది.

అందువల్లే మంచి ప్రకటన వయసు చెప్పి ఊరుకోదు, పుట్టిన తేదీల హద్దులు కూడా చెబుతుంది. యూపీఎస్సీ 2024 సివిల్ సర్వీసుల ప్రకటనలో 2024 ఆగస్టు 1 నాటికి 21 నిండి, 32 నిండకుండా ఉండాలని రాసి, వెంటనే అంటే 1992 ఆగస్టు 2కు ముందు గానీ 2003 ఆగస్టు 1 తర్వాత గానీ పుట్టి ఉండకూడదని చేర్చారు. 1992 ఆగస్టు 2న పుట్టినవారికి మూడు గళ్ల లెక్కలో వచ్చేది 31 సంవత్సరాల 11 నెలల 30 రోజులు. నెలకు 30 రోజులనుకునేవాడికి అదే 29 రోజులుగా కనిపిస్తుంది. సేస్మా తీర్పులోని లెక్క పట్టుకుంటే 2024 ఆగస్టు 1తోనే 32 నిండిపోయాయని కూడా వాదించొచ్చు. ప్రకటనలో తేదీ స్పష్టంగా ఉంది గనుక ఈ మూడు లెక్కల్లో దేనితోనూ పని లేదు. ఆ అభ్యర్థి అర్హుడే. ప్రకటనలు రాసే ప్రతి కార్యాలయం, చిన్న కాంట్రాక్టు ఉద్యోగానికైనా సరే, ఈ ఒక్క వాక్యం చేర్చాలని గట్టిగా కోరుకుంటున్నాం. దరఖాస్తు చేసే పిల్లలు కూడా వయసు లెక్కపెట్టుకుని భయపడే ముందు ఆ వాక్యం కోసం ప్రకటనలో వెతుక్కోవాలి. అది లేకపోతే, హద్దు మీదే తమ పుట్టిన తేదీ ఉంటే, పిలిచిన కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవాలి.

ఉద్యోగంలో చేరేటప్పుడే కాదు, దిగేటప్పుడూ ఈ లెక్క ఎదురవుతుంది. 2022 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62. ఆ వయసు నిండిన నెల చివరి రోజున విరమణ చేస్తారు. 1963 జులై 2న పుట్టిన ఉపాధ్యాయురాలు 2025 జులై 31న విరమణ చేస్తారు. జులై 1న పుట్టిన ఆమె తోటి ఉపాధ్యాయుడు మాత్రం జూన్ 30నే దిగిపోతారు. ఆయనకు 62వ ఏడు జూన్ 30తోనే పూర్తయింది కాబట్టి. పుట్టుకలో ఒక్క రోజు తేడా, సర్వీసులో ఒక నెల జీతం తేడా.

ఇది ఎవరో ఒకరిద్దరి సంగతి అనుకోవడానికి లేదు. రాయలసీమ పల్లెల్లో ఒక తరం మొత్తానికి పుట్టిన తేదీ పెట్టింది అమ్మానాన్నలు కాదు, బడిలో పేరు రాసుకున్న అయ్యవారు. జూన్‌లో బడి తెరిచాక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొచ్చి నిలబెడితే, ఐదేళ్లు నిండేలా వెనక్కి లెక్కపెట్టి జూన్ 1 అనో, జులై 1 అనో రాసేసేవారు. బడికి రావడానికి వీలుగా రాసిన ఆ ఒకటో తేదీ, యాభై ఏళ్ల తర్వాత సర్వీసులో ఒక నెల తగ్గిస్తుందని ఆ అయ్యవారికి తట్టి ఉండదు. దాన్ని తర్వాత మార్చుకోవడమూ సులువు కాదు. పుట్టిన తేదీ నమోదు, సవరణలపై రాష్ట్ర ప్రభుత్వం 1984లో చేసిన నియమాల ప్రకారం బడి రికార్డు ఆధారంగా సర్వీసు రిజిస్టరులో ఎక్కిన తేదీయే ఖాయం. రాతలో దొర్లిన పొరపాటు తప్ప మరేదీ సరిచేయరు.

బడికే వెళ్లని పెద్దల విషయం ఇంకా వేరు. "ఎన్నేండ్లు పెద్దమ్మా నీకు?" అని అడిగితే "ఏమో నాయనా, పెన్నకు పెద్దనీళ్లొచ్చిన ఏడు నేను చంకబిడ్డనంట" అనేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆధార్ మొదలైన రోజుల్లో ఇలాంటివారి కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే అచ్చయ్యేది. తేదీ తెలియనిచోట దస్త్రాల్లో జనవరి 1 చేరిపోయింది. అందుకే ఒకే వీధిలో అంతమందికి జనవరి 1న పుట్టినరోజు. ఇలాంటి తేదీ మీద ఎంత జాగ్రత్తగా తీసివేత చేసినా వచ్చే నెలలకు, రోజులకు అర్థం లేదు. మొదటి గడిలోని సంవత్సరమే ఒకటి రెండు ఏళ్లు అటూ ఇటూగా ఊహించినదై ఉంటే, మూడో గడిలో 17 అని రాయడం ఎవరినీ ఏ నిజానికీ దగ్గర చేయదు. అక్కడ చేయాల్సిన పని లెక్క కాదు, విచారణ. పెద్దమ్మ పెద్ద కొడుకు బడి రికార్డు ఉందా, ఆ కొడుకు పుట్టేనాటికి ఆమెకు పెళ్లయి ఎన్నేళ్లయింది, ఆమె వెనక పుట్టిన తమ్ముడికి ఏమైనా కాగితం ఉందా, ఆమె పుట్టిన ఏటి పేరు ఇంట్లో ఎవరికైనా గుర్తుందా అని అడగాలి. సంవత్సరం పేరు దొరికితే మరీ మంచిది. అరవై ఏళ్లకు గానీ అదే పేరు మళ్లీ రాదు కాబట్టి, ఆనంద అంటే 1914 గానీ 1974 గానీ, మధ్యలో మరొకటి లేదు. ఆ రెంటిలో ఏదో మనిషిని చూస్తేనే తెలిసిపోతుంది. ఏడు దొరికాక ఆ మనిషికి పింఛను వయసు వచ్చిందో లేదో చెప్పడానికి రోజుల గడి అవసరమే పడదు.

ఇప్పుడు పుడుతున్న పిల్లలకు ఈ ఇబ్బంది ఉండకూడదనే జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికైనా, ఓటరు జాబితాకైనా, ప్రభుత్వ ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల్లోపు చెబితే రుసుము లేకుండా నమోదు చేస్తారు. ఇంటికి వచ్చాక పేరు ఖాయం కాలేదని ఆ 21 రోజులు దాటబెట్టే కుటుంబాలు మనలో ఉన్నాయి. పేరు తర్వాత చేర్చుకోవచ్చు, నమోదుకు పేరు అడ్డు కాదు. తేదీ మాత్రం ఆ మూడు వారాల్లోనే రిజిస్టరులోకి ఎక్కించుకోవాలి.